శుక్రవారం అర్ధరాత్రి గడువు అంటే ఏ రాత్రి? ప్రకటనలో ఎలా రాయాలి?

ఓరుగల్లు_కార్యదర్శి | సోమవారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. హనుమకొండలో మేము నడిపే చిన్న సాహిత్య సంఘం తరఫున ఈ నెల కథల పోటీ పెట్టాము. వాట్సాప్‌లో పంపిన ప్రకటనలోనూ, గ్రంథాలయం బోర్డు మీద అంటించిన కాగితంలోనూ "కథలు పంపడానికి ఆఖరు గడువు 13-03-2026 శుక్రవారం అర్ధరాత్రి 12 గంటలు" అని ఉంది. ఈ ఒక్క వాక్యం మీద మూడు పేచీలు వచ్చి పడ్డాయి.

కొందరు దానిని గురువారం రాత్రి 12 గంటలుగా అర్థం చేసుకొని, సగం దిద్దిన కథనే హడావుడిగా పంపేశారు. మరుసటి రోజు కూడా పంపవచ్చునని తెలిసి వారు ఇప్పుడు మా మీద కోపంగా ఉన్నారు. మరికొందరు శుక్రవారం సాయంత్రం పంపారు. వారి ఫోన్లలో "మీ కథ అందింది" అని కనిపించింది కానీ, న్యాయనిర్ణేతలకు మేము ఇచ్చిన జాబితాలో వారి పేర్లు లేవు. ఆ జాబితాలో చివరి కథ శుక్రవారం ఉదయం 5:21కి వచ్చినట్లు ఉంది, ఆ వేళ ఎందుకు ఆగిపోయిందో మాకు అంతుపట్టడం లేదు. ఇక ఒకరు శుక్రవారం రాత్రి గడిచాక 12:04కి పంపి, తమ కథను కూడా తీసుకోవలసిందేనని పట్టుబడుతున్నారు.

ఏప్రిల్ 10న, అది కూడా శుక్రవారమే, పిల్లల కథల పోటీకి గడువు పెట్టుకున్నాము. ఈసారి ఎవరూ పొరబడకుండా ఆ వాక్యాన్ని ఎలా రాయాలో చెప్పగలరా?

పరకాల_సిద్ధాంతి | సోమవారం, రాత్రి 8:42

ఇందులో అయోమయానికి తావే లేదు. మనకు వారం సూర్యోదయంతో మొదలై మరునాటి సూర్యోదయం దాకా సాగుతుంది. శుక్రవారం సూర్యుడు ఉదయించిన తరువాత వచ్చే అర్ధరాత్రి ఒక్కటే ఉంటుంది కాబట్టి, శుక్రవారం అర్ధరాత్రి అంటే శుక్రవారం పగలు గడిచాక వచ్చే రాత్రి అని మాత్రమే అర్థం. గురువారం రాత్రి అని అర్థం చేసుకున్నవారు పంచాంగం చూసే అలవాటు పోగొట్టుకున్నవారు. మీ ప్రకటనను మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

కాజీపేట_పాతగార్డు | సోమవారం, రాత్రి 9:15

సిద్ధాంతి గారూ, మీరు చెప్పినది ఇంటి లెక్కకు సరిపోతుంది. నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాడిని. మా లెక్కలో రాత్రి 12 కొట్టగానే తేదీ మారుతుంది, వారం కూడా దానితోనే మారుతుంది. ఈ రెండు లెక్కలూ ఒకే మనిషి బుర్రలో ఉండటమే చిక్కంతా.

కాజీపేట ప్లాట్‌ఫారం మీద నేను మళ్లీ మళ్లీ చూసిన సంగతి చెబుతాను. టికెట్ మీద 14వ తేదీ, 00:20 అని ఉంటుంది. ఆ బండి ఎక్కాలంటే 13వ తేదీ రాత్రి భోజనం చేసి ఇంటి నుంచి బయలుదేరాలి. ప్రయాణికుడు మాత్రం 14వ తేదీ పగలంతా సామాన్లు సర్దుకొని, ఆ రాత్రి 11 గంటలకు కుటుంబంతో సహా వచ్చి నిలబడతాడు. బండి ముందురోజు రాత్రే వెళ్లిపోయిందని చెబితే, టికెట్ తీసి 14 అన్న అంకె మీద వేలు పెట్టి చూపిస్తాడు. ఆయన చదువు రానివాడేమీ కాడు, తేదీ సరిగానే చదివాడు. పడుకొని లేస్తేనే తారీఖు మారుతుందని శరీరానికి ఉన్న నమ్మకం ఆయనను ముంచింది.

అక్కడ 00:20 అని స్పష్టంగా ఉన్నా ఇంత జరుగుతోంది. మీ ప్రకటనలో ఆ స్పష్టత కూడా లేదు. సరిగ్గా 12 గంటలు అనేది రెండు రోజుల మధ్య ఉన్న గీత. ఆ గీతకు శుక్రవారం అని పేరు పెడితే, శుక్రవారం మొదలయ్యే గీతా, ముగిసే గీతా అన్నది చదివేవాడు తనకు తోచినట్లు తీసుకుంటాడు. గడియారం ప్రకారం ఆలోచించేవాడు 13వ తేదీ 00:00 అంటే గురువారం నిద్రపోయే వేళే అనుకుంటాడు. అతనిది తప్పని మీరు అనలేరు.

మండీబజార్_అత్తర్‌వాలా | సోమవారం, రాత్రి 9:33

ఇందులో మూడో లెక్క కూడా ఉంది సార్. మా ఇళ్లలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. షబే జుమా అంటే జుమా రాత్రి, మీ క్యాలెండర్‌లో అది గురువారం సాయంత్రం మగ్రిబ్ తరువాత వచ్చే రాత్రి. మా అమ్మగారికి ఈ ప్రకటన చదివి వినిపించి, శుక్రవారం రాత్రి అంటే ఎప్పుడని అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా గురువారం రాత్రి అంటారు. ఆమెకు పంచాంగమూ తెలియదు, రైల్వే గడియారమూ తెలియదు. కాబట్టి గురువారమే పంపినవారిలో మా బస్తీ పిల్లలు ఎవరైనా ఉంటే, వారు తొందరపడ్డారని అనుకోకండి.

దుకాణంలో మాత్రం మేము ఎవరితోనైనా "జుమేరాత్ రాత్రి" అని గురువారం పేరు పెట్టే మాట్లాడతాము. గిరాకీలు అన్ని రకాలవారూ ఉంటారు కదా.

భూపాలపల్లి_నైట్‌షిఫ్ట్ | సోమవారం, రాత్రి 10:02

అన్నా, గడువు పెంచాలా వద్దా అన్నదే కదా ప్రశ్న? నా మాట వింటే రెండు రోజులు పెంచేయండి, గొడవ తీరిపోతుంది. నాకు కూడా ఇలాంటిదే జరిగింది. బండి ఇన్సూరెన్స్ కాగితం మీద ఫలానా తేదీ అర్ధరాత్రి వరకు అని ఉంటే, ఆ తేదీ నాడు పొద్దున డ్యూటీ దిగి బండి మీద వస్తూ, ఇది నిన్న రాత్రే అయిపోయిందా, ఇంకా ఉందా అని భయపడుతూ ఇల్లు చేరాను. నైట్ షిఫ్ట్ చేసేవాడికి రాత్రి 11 గంటలకు ఒక తేదీ, పొద్దున 7 గంటలకు ఇంకో తేదీ. ఒకే డ్యూటీలో రెండు వారాలు వస్తాయి.

ఓరుగల్లు_కార్యదర్శి | సోమవారం, రాత్రి 10:20

తమ్మీ, గడువు పెంచడం గురించి కాదు, వచ్చేసారి వాక్యం ఎలా రాయాలన్నదే నా ప్రశ్న. పెంచినా, పెంచిన గడువును మళ్లీ "ఆదివారం అర్ధరాత్రి" అని రాస్తే ఇదే కథ తిరిగి మొదలవుతుంది.

సుబేదారి_వకీలు | మంగళవారం, ఉదయం 7:05

భూపాలపల్లి తమ్ముడి ఇన్సూరెన్స్ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అసలు ప్రశ్నకు దారి అక్కడే ఉంది. మోటారు పాలసీ మీద సాధారణంగా రెండు చివరలూ రాసి ఉంటాయి. ఉదాహరణకు 14-03-2025 నాడు 00:00 గంటల నుంచి 13-03-2026 అర్ధరాత్రి వరకు అని ఉంటుంది. రెండవ సగం ఒక్కటే చదివితే మీ భయం న్యాయమైనదే. మొదటి సగంతో కలిపి చదివితే, సరిగ్గా ఏడాది పూర్తి కావాలి కాబట్టి, 13వ తేదీ రోజంతా గడిచాక వచ్చే అర్ధరాత్రి అని తేలిపోతుంది. మీరు ఆ పొద్దున నిశ్చింతగా ఇంటికి రావచ్చు.

ఇప్పుడు తిరకాసు చూడండి. పాలసీ మీద మొదలయ్యే గంట వేయకుండా తేదీ మాత్రమే రాసి, అదే రోజు పాలసీ తీసుకోకముందే ప్రమాదం జరిగితే ఏమిటన్న వివాదంలో, 1990లో రాందయాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ తేదీ మొదలైనప్పటి నుంచి, అంటే ముందటి అర్ధరాత్రి నుంచి పాలసీ అమలులో ఉన్నట్లే అని చెప్పింది. గంట స్పష్టంగా రాసి ఉంటే ఆ గంట నుంచే అన్నది తరువాతి తీర్పుల మాట. అంటే ఒకే పాలసీ కాగితంలో ఒక తేదీకి అర్ధరాత్రి ముందు వైపున, మరొక తేదీకి వెనుక వైపున అంటుకొని ఉంటుంది. పక్కన ఇంకో చివర రాసి ఉన్నందువల్లనే అది మనకు అర్థమవుతోంది. పోటీ ప్రకటనలో ఆ రెండో చివర లేదు.

మాటకూ రాతకూ తేడా ఎలా ఉంటుందో చెప్పడానికి అందరికీ గుర్తున్న రోజు ఒకటి ఉంది. 2016 నవంబర్ 8 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో, ఈ రోజు అర్ధరాత్రి నుంచి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని చెప్పారు. వింటున్నవారందరూ ఆ సాయంత్రమే వింటున్నారు కాబట్టి ఏ అర్ధరాత్రి అని ఎవరూ అడగలేదు. గెజిట్ నోటిఫికేషన్‌లో మాత్రం అర్ధరాత్రి ఊసు లేకుండా 2016 నవంబర్ 9 నుంచి అని రాశారు. మాటను ఎప్పుడు విన్నామో మనకు తెలుస్తుంది. కాగితాన్ని ఎవరు ఎప్పుడు చదువుతారో రాసేవారికి తెలియదు.

జమ్మికుంట_డేటా | మంగళవారం, ఉదయం 9:48

కార్యదర్శి గారూ, మీ జాబితా ఉదయం 5:21 దగ్గర ఆగిపోవడం చూడగానే నాకు అనుమానం వచ్చింది. కథలు తీసుకునే ఆన్‌లైన్ ఫారం ఎవరు తయారు చేశారో వారిని, జాబితా తీయడానికి కంప్యూటర్‌కు ఇచ్చిన ఆదేశం వరుసను ఇక్కడ పెట్టమని అడగండి. శుక్రవారం పంపిన కథలు పోయి ఉండవని, లోపలే ఉండి ఉంటాయని నా నమ్మకం. "అందింది" అని చూపించిందంటే ఎక్కడో ఒకచోట నమోదైనట్లే.

ఓరుగల్లు_కార్యదర్శి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

మా అబ్బాయి ఈ వరుస పంపాడు. తేదీ సరిగానే పెట్టానని, 13వ తేదీ వరకు వచ్చినవన్నీ తీసుకోమని రాశానని అంటున్నాడు.

```sql
WHERE submitted_at <= '2026-03-13'
```

జమ్మికుంట_డేటా | మంగళవారం, మధ్యాహ్నం 2:12

అనుకున్నట్లే ఉంది. ఆ అబ్బాయి ఉద్దేశం మంచిదే, కంప్యూటర్‌కు అర్థమైనది వేరు. తేదీ మాత్రమే ఇచ్చి గంట ఇవ్వకపోతే, అది 13వ తేదీ 00:00:00 అని తీసుకుంటుంది. అంటే 13వ తేదీ మొదటి క్షణం వరకు వచ్చినవే జాబితాలోకి వస్తాయి. శుక్రవారం పగలు, రాత్రి వచ్చినవన్నీ ఆ క్షణం తరువాతవే కాబట్టి బయట ఉండిపోయాయి. గురువారం రాత్రి అని భయపడి పంపినవారు అర్థం చేసుకున్నట్లే యంత్రం కూడా అర్థం చేసుకుంది.

అయితే గురువారం రాత్రి 12 దగ్గర ఆగవలసినది 5:21 దాకా ఎందుకు వెళ్లింది? సర్వర్ గడియారం మన సమయంలో లేదు, యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంది. మనం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటాము. అక్కడ 13వ తేదీ 00:00 అయ్యేసరికి మన దగ్గర శుక్రవారం ఉదయం 5:30 అవుతుంది. అందుకే 5:21 కథ లోపలికి వచ్చింది, 5:30 దాటినవి రాలేదు. మీ జాబితా పేజీ సమయాన్ని మన లెక్కలోకి మార్చి చూపిస్తోంది కాబట్టి మీకు అది కనబడలేదు. పట్టికలో నేరుగా చూస్తే ఆ 5:21 కథకు 12వ తేదీ 23:51 అని ఉంటుంది.

శుక్రవారం పూర్తయ్యే దాకా వచ్చినవన్నీ కావాలంటే వరుస ఇలా ఉండాలి.

```sql
WHERE submitted_at < '2026-03-13 18:30:00'
```

యూటీసీలో 18:30 అంటే మన దగ్గర శనివారం 00:00. దానికి ముందు వచ్చినవన్నీ తీసుకో, సరిగ్గా ఆ క్షణాన వచ్చినదీ తరువాత వచ్చినదీ వద్దు అని దీని అర్థం. సమానం గుర్తు తీసేయడం మరచిపోవద్దని చెప్పండి.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. 12:04కి వచ్చిన ఆ కథ పట్టికలో 13వ తేదీ 18:34గా కనిపిస్తుంది. తేదీ ఒక్కటే చూసి, ఇది 13వ తేదీదే కదా అని ఎవరూ పొరబడకూడదు.

ఓరుగల్లు_కార్యదర్శి | మంగళవారం, సాయంత్రం 6:40

అమ్మా, మీరు చెప్పినట్లు మార్చితే శుక్రవారం కథలన్నీ బయటపడ్డాయి. 12:04 కథ కూడా మీరు చెప్పిన అంకెలతోనే ఉంది. సగం గొడవ తీరింది. ఇక వాక్యం సంగతి చెప్పండి.

నిట్_హాస్టల్ | మంగళవారం, రాత్రి 7:25

మా దగ్గర పరిశోధన పత్రాలు పంపేటప్పుడు కాన్ఫరెన్సులు "శుక్రవారం 23:59 ఏఓఈ" అని రాస్తాయి. భూమి మీద ఎక్కడైనా ఇంకా శుక్రవారం మిగిలి ఉన్నంతసేపు పంపవచ్చునని దాని అర్థం. యూటీసీకి 12 గంటలు వెనుక ఉన్న సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మన గడియారంలో అది శనివారం సాయంత్రం 5:29 అవుతుంది. ప్రకటనలో అదే రాస్తే సరిపోతుంది కదా, ప్రపంచమంతా వాడుతున్నారు.

కాజీపేట_పాతగార్డు | మంగళవారం, రాత్రి 7:50

బాబూ, పిల్లల కథల పోటీకి హసన్‌పర్తి నుంచి ఆరో తరగతి అమ్మాయి కథ పంపుతుంది. ఆమెకు ఏఓఈ ఎందుకు? పంపేవారందరూ ఒకే గడియారం కింద ఉన్నప్పుడు ప్రపంచ గడియారం తెచ్చిపెడితే కొత్త అయోమయం తప్ప మరొకటి రాదు.

నా సలహా సూటిగా చెబుతాను. అర్ధరాత్రిని వదిలేయండి. శుక్రవారం సాయంత్రం 6 గంటలు అని పెట్టండి. సాయంత్రం 6 గంటలు శుక్రవారంలో ఒక్కసారే వస్తుంది, సిద్ధాంతి గారి లెక్కలోనూ మా రైల్వే లెక్కలోనూ అది శుక్రవారమే. అత్తర్‌వాలా గారి అమ్మగారిని అడిగినా సాయంత్రం 6 అనగానే వేరే రోజు చెప్పరు. పైగా ఫారం తెరుచుకోకపోతే ఫోన్ చేయడానికి ఆ వేళకు మనిషి మేలుకొని ఉంటాడు. రాత్రి 11:50కి ఫారం మొరాయిస్తే పాపం ఆ పిల్ల ఎవరికి ఫోన్ చేస్తుంది?

భూపాలపల్లి_నైట్‌షిఫ్ట్ | మంగళవారం, రాత్రి 8:15

మీకు రిటైర్మెంట్ వచ్చింది కాబట్టి సాయంత్రం 6 సుఖంగానే ఉంటుంది అన్నా. నేను రెండో షిఫ్ట్‌లో ఉంటే రాత్రి 11 దాకా పనిలోనే ఉంటాను. నా కూతురు కథ నా ఫోన్ నుంచే పంపాలి, ఇంట్లో ఉన్నది అదొక్కటే. 6 గంటలు అంటే మాకు గడువు గురువారమే అయిపోయినట్లు. అర్ధరాత్రి గడువు పెట్టేది పగలు పని చేసుకునేవారి కోసమే కదా, దాన్ని తీసేస్తే ఎట్లా?

జమ్మికుంట_డేటా | మంగళవారం, రాత్రి 9:05

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. రాత్రే కావాలనుకుంటే 12 అన్న అంకె జోలికి మాత్రం పోవద్దు. ఎందుకో మీ ఫోన్‌లో ఒకసారి చూసుకోండి. తేదీ, సమయం ఎంచుకునే చోట శుక్రవారం 10వ తేదీని నొక్కితే, ఆ రోజులో రెండు పన్నెండ్లు ఉంటాయి. 12:00 ఏఎం అని పెడితే గురువారం నిద్రపోయే వేళకే ఫారం మూతపడుతుంది. 12:00 పీఎం అని పెడితే శుక్రవారం మిట్టమధ్యాహ్నం మూతపడుతుంది. మనం అనుకునే శుక్రవారం రాత్రి 12 ఆ రోజు కింద అసలు దొరకదు, అది శనివారం 12:00 ఏఎం. ఫారం తయారు చేసేవారిలో శనివారం అని నొక్కాలని తట్టేవారు తక్కువ, ఎందుకంటే వారి చేతిలో ఉన్న ప్రకటనలో శుక్రవారం అని ఉంటుంది. జాబితా ఎక్కడ ఆగిందో చూస్తే ఏ తప్పు జరిగిందో చెప్పవచ్చు. మధ్యాహ్నం 12 దగ్గర ఆగితే పీఎం నొక్కారు, తెల్లవారుజామున 5:30 దగ్గర ఆగితే యూటీసీ.

24:00 అని రాస్తే రోజు చివర అని తెలుస్తుంది కదా అని అనవచ్చు. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 కూడా 2019లో 24:00ను తీసేసి, 2022 సవరణలో మళ్లీ తెచ్చింది. ప్రమాణం రాసేవారే అటూ ఇటూ అయిన అంకెను ప్రకటనలో పెట్టి పిల్లలను పరీక్షించడం నాకు ఇష్టం లేదు.

అందుకే మనుషులకు "శుక్రవారం రాత్రి 11 గంటల 59 నిమిషాల వరకు" అని రాయండి. 11:59 శుక్రవారంలోనే పడుతుంది, దానిని గురువారానికి నెట్టడం కష్టం. యంత్రంలో మాత్రం 23:59 అని పెట్టవద్దు. అలా పెడితే చాలా ఫారాలు 23:59:00కే మూసేస్తాయి, 11:59 అని గడియారం చూపిస్తుండగానే పంపినవారి కథ తిరిగి వస్తుంది. యంత్రంలో శనివారం 00:00 పెట్టండి, భారత కాలమానం ఎంచుకున్నారో లేదో చూసుకోండి.

పరకాల_సిద్ధాంతి | మంగళవారం, రాత్రి 9:30

నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను కానీ, యంత్రానికి సూర్యోదయం తెలియదని ఒప్పుకుంటున్నాను. అయితే ఈ చిక్కు మన పెళ్లి పత్రికలు రాసేవారికి ఎప్పటి నుంచో తెలుసు. ముహూర్తం రాత్రి రెండున్నరకు పడితే, "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం, 2 గంటల 35 నిమిషాలకు" అని రాస్తాము. నేను రాసే లగ్నపత్రికలన్నింటిలో అదే పద్ధతి. రెండు వారాల పేర్లూ పక్కపక్కన ఉంటే బంధువులు ఒక రోజు ముందో వెనుకో రారు. మీ ప్రకటనలో కూడా "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం, 12 గంటలు" అని రాస్తే, ఆ 11:59 అనే కొత్త అంకె లేకుండానే పని జరుగుతుంది.

సుబేదారి_వకీలు | మంగళవారం, రాత్రి 9:58

సిద్ధాంతి గారి సూచన నాకు నచ్చింది. రెండు వైపులా ఉన్న రోజుల పేర్లు చెప్పడం, పాలసీలో రెండు చివరలూ రాసినట్లే. కానీ పట్టణంలో పెరిగిన పిల్లలకు "తెల్లవారితే" అన్నది పత్రికలో తప్ప బయట తెలియకపోవచ్చు, అదీగాక దానిలో తేదీ అంకె లేదు. రెండూ కలపండి: 11:59 అని రాసి, శనివారం మొదలయ్యాక తీసుకోము అని రెండో వాక్యంలో చెప్పండి.

ఓరుగల్లు_కార్యదర్శి | బుధవారం, ఉదయం 8:20

అందరి మాటలూ కలిపి ఇలా రాశాను, చూడండి.

"పిల్లలు తమ కథలను 2026 ఏప్రిల్ 10, శుక్రవారం రాత్రి 11 గంటల 59 నిమిషాల వరకు పంపవచ్చు. రాత్రి 12 కొట్టి ఏప్రిల్ 11, శనివారం మొదలైన తరువాత వచ్చిన కథలను తీసుకోము. ఫారం తెరుచుకోకపోతే శుక్రవారం సాయంత్రం 6 గంటల లోపు సంఘం నంబరుకు ఫోన్ చేయండి."

గార్డు గారి 6 గంటలను ఫోన్ కోసం వాడుకున్నాను.

మండీబజార్_అత్తర్‌వాలా | బుధవారం, ఉదయం 9:10

చాలా బాగుంది సార్. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ ప్రకటన వాట్సాప్‌లో పెట్టాక, చివరి రోజున మీ సభ్యుల్లో ఎవరో ఒకరు ఉత్సాహంగా "నేడే ఆఖరు, ఈ రాత్రి 12 దాకా" అని సొంతంగా రాసి పంపుతారు. శుక్రవారం పొద్దున పంపిన ఆ సందేశం ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు వెళ్లి, మా గ్రూపుకు శనివారం మధ్యాహ్నం చేరుతుంది. అక్కడ చదివినవాడికి "నేడు" అంటే శనివారమే. కాబట్టి గుర్తుచేసే సందేశంలో కూడా నేడు, రేపు, ఈ రాత్రి అన్న మాటలు లేకుండా, పైన రాసిన వాక్యాన్నే యథాతథంగా పంపమని సభ్యులకు చెప్పండి.

నిట్_హాస్టల్ | బుధవారం, ఉదయం 10:44

అమెరికాలో ఉన్న మా బాబాయి పిల్లలు కూడా పంపవచ్చా? పంపితే వారికి ఏ రాత్రి? అక్కడ తూర్పు తీరంలో ఏప్రిల్‌లో మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటారు, మన శుక్రవారం రాత్రి 11:59కి వారికి శుక్రవారం మధ్యాహ్నం 2:29 అవుతుంది.

ఓరుగల్లు_కార్యదర్శి | బుధవారం, మధ్యాహ్నం 12:15

పంపవచ్చు. "11 గంటల 59 నిమిషాల" ముందు "భారత కాలమానం ప్రకారం" అని చేర్చుతున్నాను. నాకు ఇంకా తెగనిది ఆ 12:04 కథ ఒక్కటే.

సుబేదారి_వకీలు | బుధవారం, సాయంత్రం 5:30

రాతలో సందేహం ఉంటే ఆ సందేహాన్ని రాసినవారికి ప్రతికూలంగా, చదివినవారికి అనుకూలంగా తీర్చడం న్యాయంలో ఉన్న పద్ధతి. దాని ప్రకారం శుక్రవారం అంతా పంపినవారి కథలు నిస్సందేహంగా తీసుకోవాలి. 12:04 కథకు ఆ పద్ధతి తోడురాదు. మీ వాక్యాన్ని గురువారం రాత్రిగా చదివినా, శుక్రవారం రాత్రిగా చదివినా, 12:04 రెండింటికీ అవతలే ఉంది.

భూపాలపల్లి_నైట్‌షిఫ్ట్ | బుధవారం, సాయంత్రం 6:05

నొక్కినది 11:58కి, చేరినది 12:04కి అయితే? మా వైపు సిగ్నల్ సంగతి మీకు తెలియదు. పంపిన సమయమా, అందిన సమయమా, ఏది లెక్క?

జమ్మికుంట_డేటా | బుధవారం, రాత్రి 7:12

పట్టికలో ఉన్నది అందిన సమయం. పంపిన సమయం ఆ ఫారం ఎక్కడా దాచలేదు కాబట్టి, 11:58కే నొక్కారా లేదా అన్నది దాని నుంచి తేల్చలేము. ఏప్రిల్ ప్రకటనలో "వచ్చిన కథలను" అని రాశారు, అంటే అందిన సమయమే లెక్క అని ముందే చెప్పినట్లు. మార్చి ప్రకటనలో ఆ మాట లేదు.

ఓరుగల్లు_కార్యదర్శి | బుధవారం, రాత్రి 8:00

ఆదివారం కమిటీ కూర్చుంటోంది. 12:04 కథతో పాటు, గురువారమే పంపేసిన వారికి తమ కథను దిద్ది మళ్లీ పంపుకొనే అవకాశం ఇవ్వాలా వద్దా అన్నది కూడా అక్కడే పెడతాను. గ్రంథాలయం బోర్డు మీద ఉన్న పాత కాగితాన్ని ఈ సాయంత్రమే తీసేశాను.

కాజీపేట_పాతగార్డు | బుధవారం, రాత్రి 8:25

కమిటీ సమావేశం ఆదివారం ఎన్ని గంటలకో కూడా సభ్యులకు రాసి పంపండి.

ఓరుగల్లు_కార్యదర్శి | బుధవారం, రాత్రి 8:31

మార్చి 22, ఆదివారం, ఉదయం 10 గంటలకు.